సగం గీతపై తరంగం: దలాంబేర్ సూత్రం, పరావర్తనం – తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చివరి సంవత్సరం, పీజీ మొదటి సంవత్సరం చదివే విద్యార్థులకు తరంగ సమీకరణం చెబుతున్నప్పుడు ఏటా అవే సందేహాలు వస్తున్నాయి. సూత్రం అందరికీ వస్తుంది. తాడు సగం గీతపైనే ఉంది, అంటే దానికి ఒక కొస ఉంది అనగానే ఆ సూత్రాన్ని ఎలా వాడాలో తెలియక ఆగిపోతారు. ఆ ప్రశ్నలను వారు అడిగిన మాటల్లోనే ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్న దగ్గరి నుంచైనా చదువుకోవచ్చు.

## మొదటి దశ: కొసలు లేని తాడు

u_tt = c² u_xx అనే సమీకరణం ఏ తాడుకైనా సరిపోతుందా? c అంటే ఏమిటి?

u(x, t) అంటే x దగ్గర ఉన్న తాడు ముక్క t సమయంలో తన నిశ్చల స్థితి నుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పే కొలత. తాడు అంతటా ఒకే మందంగా ఉండి, అన్నిచోట్లా ఒకే బిగువు ఉండి, ఏ చోటా వాలు ఎక్కువ కాకుండా ఉంటే ఈ సమీకరణం సరిపోతుంది. బిగువు T న్యూటన్లు, మీటరు తాడు ద్రవ్యరాశి μ కిలోలు అయితే c = √(T/μ). మీటరుకు 50 గ్రాములు తూగే తాడును 20 న్యూటన్ల బలంతో, అంటే సుమారు రెండు కిలోల బరువు వేలాడదీసినంత బిగువుతో లాగి కడితే c = √(20/0.05) = 20 మీ./సె. అవుతుంది. c అనేది కదలిక తాడు వెంట పాకే వేగం. తాడు ముక్క పైకీ కిందికీ ఊగే వేగం u_t, అది వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకున్నవారికి తర్వాతి లెక్క ఏదీ అర్థం కాదు.

తాడు తన బరువుకు మధ్యలో కొంత వాలుతుంది కదా అని కొందరు అడుగుతారు. u ను ఆ వాలిన స్థితి నుంచి కొలిస్తే గురుత్వం సమీకరణంలోంచి తప్పుకుంటుంది.

F(x − ct) + G(x + ct) అనే రూపం ఎక్కడి నుంచి వచ్చింది? ఊహించి రాశారా?

ఊహించి రాసింది కాదు. ξ = x − ct, η = x + ct అని చలరాశులను మార్చి గొలుసు సూత్రం వాడితే u_x = u_ξ + u_η అనీ, u_t = c(u_η − u_ξ) అనీ వస్తుంది. మరొకసారి అవకలనం చేసి తీసివేస్తే

u_tt − c² u_xx = −4c² u_ξη

అవుతుంది. కాబట్టి తరంగ సమీకరణం చెప్పేదల్లా u_ξη = 0 అనే. దీన్ని η దృష్ట్యా సమాకలనం చేస్తే u_ξ అనేది ξ మీద మాత్రమే ఆధారపడిన ప్రమేయమని తేలుతుంది; ఇంకోసారి ξ దృష్ట్యా చేస్తే u = F(ξ) + G(η) వస్తుంది. సమాకలనంలో వచ్చే స్థిరరాశి ఇక్కడ సంఖ్య కాదు, రెండో చలరాశిలో ఒక ప్రమేయం. G పుట్టింది అక్కడే. ఫ్రెంచి గణితవేత్త దలాంబేర్ 1747లో కంపించే తీగ గురించి రాసిన పత్రంలో ఈ రూపాన్ని రాబట్టాడు.

x − ct లో మైనస్ ఉంది కదా, అది ఎడమవైపుకు పోవాలి కదా?

కుడివైపుకే పోతుంది. F కు ξ = 3 దగ్గర శిఖరం ఉందనుకోండి. t = 0 నాడు ఆ శిఖరం x = 3 దగ్గర ఉంటుంది. కొంత సమయం గడిచాక కూడా x − ct = 3 కావాలంటే x = 3 + ct కావాలి. సమయం పెరిగేకొద్దీ x పెరుగుతోంది కనుక శిఖరం కుడివైపుకు నడుస్తోంది. ఇదే తర్కంతో G(x + ct) ఎడమవైపుకు నడుస్తుంది.

f, g ఇచ్చారు. వాటి నుంచి F, G విడివిడిగా ఎలా తీయాలి?

తొలి స్థానం u(x, 0) = f(x), తొలి వేగం u_t(x, 0) = g(x) అయితే, t = 0 దగ్గర F + G = f, c(G′ − F′) = g అవుతాయి. రెండోదాన్ని సమాకలనం చేసి, మొదటిదానితో కలిపి, తీసివేస్తే

G(s) = ½ f(s) + (1/2c) ∫₀ˢ g + K/2
F(s) = ½ f(s) − (1/2c) ∫₀ˢ g − K/2

వస్తాయి. K ఏదైనా కావచ్చు. F కు ఎంత తగ్గితే G కు అంత పెరుగుతుంది కనుక మొత్తం u మారదు. అందుకే F, G ఏకైకం కావు, u ఏకైకం. ఈ రెంటినీ తగిన చోట్ల ప్రతిక్షేపిస్తే దలాంబేర్ సూత్రం వస్తుంది:

u(x, t) = ½ [f(x − ct) + f(x + ct)] + (1/2c) ∫ g(s) ds, హద్దులు x − ct నుంచి x + ct వరకు.

తాడును ఒక ఆకారంలో పట్టుకుని కదలకుండా వదిలితే g = 0 కనుక, ఆ ఆకారం సగం ఎత్తు ఉన్న రెండు ముక్కలై చెరో వైపుకు వెళ్తుంది.

తాడును వంచకుండా కొట్టి వదిలితే, అది మళ్లీ మొదటి చోటికి ఎందుకు రాదు?

తాడు తిన్నగా ఉండగా 5 మీ. నుంచి 7 మీ. మధ్య ఉన్న ముక్కకు మాత్రమే సెకనుకు 1 మీటరు వేగం పైకి ఇచ్చామనుకోండి; c = 20 మీ./సె. అప్పుడు f = 0, u అంటే g సమాకలనంలో 1/(2c) వంతు. ఏ బిందువు దగ్గరైనా కొంత సమయం గడిచాక x − ct నుంచి x + ct వరకు ఉన్న విరామం ఆ రెండు మీటర్ల ముక్కను పూర్తిగా మింగేస్తుంది. అక్కడి నుంచి u = (1/40) × 1 × 2 = 0.05 మీ., అంటే 5 సెం.మీ. దగ్గర నిలిచిపోతుంది. కొసలు లేని తాడును వెనక్కి లాగే ఆధారం ఏదీ లేదు కనుక, తరంగం దాటిపోయిన ప్రతి భాగం 5 సెం.మీ. పైకి జరిగి అక్కడే ఆగుతుంది. లెక్కలో ఈ సమతలం కనిపించగానే తప్పు చేశామని కొట్టేసేవారు ఉన్నారు; అది సరైన జవాబే.

## రెండో దశ: కొస కట్టేసిన తాడు

తాడు x ≥ 0 లోనే ఉంది. x − ct రుణాత్మకం అయితే f(x − ct) ఎక్కడి నుంచి తేవాలి?

అన్ని సందేహాల్లోనూ అసలైనది ఇదే. f, g లను x ≥ 0 కే ఇచ్చారు. రుణ సంఖ్యల దగ్గర వాటికి విలువ లేదు. x > ct అయినంతవరకు ఆ అవసరం రాదు కనుక దలాంబేర్ సూత్రం యథాతథంగా చెల్లుతుంది. భౌతికంగా చూస్తే, కొస ఉందన్న సంగతి ఆ బిందువుకు ఇంకా అందలేదు. x < ct అయినప్పుడు మాత్రం కుడివైపుకు నడిచే F భాగాన్ని తొలి షరతులు నిర్ణయించలేవు. దాన్ని నిర్ణయించేది సరిహద్దు షరతు.

కొస కట్టేసి ఉంటే u(0, t) = 0. అంటే ప్రతి t కూ F(−ct) + G(ct) = 0. ct ను s అని రాస్తే F(−s) = −G(s). s ధనాత్మకం కనుక G(s) మనకు తెలుసు. దాంతో రుణ బిందువుల దగ్గర F కూడా తెలిసిపోయింది. ఇప్పుడు x < ct అయితే F(x − ct) = −G(ct − x). ఎడమవైపుకు నడిచి కొసను తాకిన G తలకిందులై, ముందు వెనుకలు తారుమారై, F గా బయలుదేరుతోందని ఈ ఒక్క పంక్తి చెబుతోంది. పరావర్తనం అంటే ఇంతే. G స్థానంలో దాని విలువ పెడితే

u(x, t) = ½ [f(x + ct) − f(ct − x)] + (1/2c) ∫ g(s) ds, హద్దులు ct − x నుంచి ct + x వరకు (0 < x < ct).

బేసి విస్తరణ అంటారు కదా, అది వేరే పద్ధతా? సరి విస్తరణ ఎందుకు పనికిరాదు?

వేరే పద్ధతి కాదు, అదే సంగతిని బొమ్మగా చూడడం. కొస అవతల కూడా తాడు ఉందని ఊహించి, అక్కడ f(−x) = −f(x), g(−x) = −g(x) అని పెట్టండి. ఇప్పుడు తాడు అనంతం కనుక దలాంబేర్ సూత్రం అంతటా చెల్లుతుంది. తొలి షరతులు బేసి ప్రమేయాలైతే జవాబు కూడా x లో బేసి ప్రమేయమే అవుతుంది; అవిచ్ఛిన్నమైన బేసి ప్రమేయం విలువ x = 0 దగ్గర సున్నా కాక తప్పదు. కొస దగ్గర మనం ఏమీ బిగించకుండానే u(0, t) = 0 దానంతట అదే నెరవేరుతుంది.

సరి విస్తరణ తీసుకుంటే x = 0 దగ్గర రెండు వైపుల నుంచి వచ్చేవి ఒకదానికొకటి తోడవుతాయి, రద్దు కావు. అప్పుడు సున్నా అయ్యేది u కాదు, u_x. కట్టేసిన కొసకు అది సరిపడదు.

f(x) = x² ఇచ్చారు. (x − ct)² అని నేరుగా పెడితే తప్పేమిటి? వర్గమే కదా, రుణాత్మకమైనా విలువ వస్తుంది కదా?

విలువ వస్తుంది, జవాబు మాత్రం తప్పవుతుంది. సమాధాన పత్రాల్లో నేను ఎక్కువగా చూసే పొరపాటు ఇదే. x² అనే సూత్రం రుణ సంఖ్యల దగ్గర కూడా పనిచేస్తుంది కాబట్టి, దాన్ని విస్తరించాల్సిన అవసరమే లేదన్న భ్రమ కలుగుతుంది. g = 0 అనుకుని నేరుగా పెట్టి చూడండి: u = ½ [(x − ct)² + (x + ct)²] = x² + c²t². ఇందులో x = 0 వేస్తే u = c²t² వస్తుంది. మేకుకు కట్టిన కొస మేకును వదిలి పైకి లేచిపోయిందన్నమాట.

సరైన పని ఇలా ఉంటుంది. x² కు బేసి విస్తరణ రుణ వైపున −x². కాబట్టి x > ct అయితే u = x² + c²t²; x < ct అయితే

u = ½ [(x + ct)² − (ct − x)²] = 2cxt.

x = 0 దగ్గర ఇది సున్నా. x = ct దగ్గర మొదటి రూపం 2c²t² ఇస్తుంది, రెండోదీ 2c²t² ఇస్తుంది; రెండు ముక్కలూ అతుకు దగ్గర కలిశాయి. ఇచ్చిన f ఎంత అందమైన సూత్రమైనా, రుణ వైపున దాని విలువ −f(−x) అని మొదటి పంక్తిలోనే రాసుకుంటే ఈ పొరపాటు జరగదు.

ఒక లెక్క మొదటి నుంచి చివరి దాకా అంకెలతో చేసి చూపగలరా?

తాడు x = 0 దగ్గర స్తంభానికి కట్టి ఉంది, c = 20 మీ./సె. తొలి ఆకారం ఒక త్రిభుజం: 5 మీ. దగ్గర మొదలై, 6 మీ. దగ్గర 4 సెం.మీ. ఎత్తుకు లేచి, 7 మీ. దగ్గర మళ్లీ సున్నా. కదలకుండా పట్టుకుని వదిలాం కనుక g = 0.

వదలగానే త్రిభుజం 2 సెం.మీ. ఎత్తున్న రెండు త్రిభుజాలుగా చీలుతుంది. కుడివైపుది మనకు మళ్లీ కనిపించదు. ఎడమవైపుదాని ముందు అంచు 5 మీటర్లు నడిచి 0.25 సె. దగ్గర కొసను తాకుతుంది, శిఖరం 0.30 సె. దగ్గర, వెనుక అంచు 0.35 సె. దగ్గర చేరతాయి. కాబట్టి ఆసక్తికరమైనదంతా ఆ పదో వంతు సెకనులోనే జరుగుతుంది.

t = 0.275 సె. దగ్గర ఆపి చూద్దాం; ct = 5.5 మీ. సూత్రం u = ½ [f(x + 5.5) − f(5.5 − x)]. x = 0.25 మీ. అయితే f(5.75) = 3 సెం.మీ., f(5.25) = 1 సెం.మీ., కాబట్టి u = 1 సెం.మీ. x = 0.5 మీ. అయితే f(6) = 4, f(5) = 0, కాబట్టి u = 2 సెం.మీ. అంటే కొస నుంచి శిఖరం దాకా అర మీటరులో తాడు 2 సెం.మీ. లేచింది, వాలు మీటరుకు 4 సెం.మీ. నడిచివచ్చిన త్రిభుజం వాలు మీటరుకు 2 సెం.మీ. మాత్రమే. కట్టిన కొస దగ్గర స్థానం సున్నా అవుతుంది, వాలు రెట్టింపవుతుంది. బిగువు 20 న్యూటన్లు అయితే స్తంభాన్ని తాడు పక్కకు లాగే బలం 20 × 0.04 = 0.8 న్యూటన్లు. ముడి వదులుగా ఉంటే ఊడిపోయేది ఈ క్షణంలోనే.

t = 0.35 సె. దగ్గర ct = 7 మీ. x = 1 మీ. దగ్గర u = ½ [f(8) − f(6)] = ½ [0 − 4] = −2 సెం.మీ. త్రిభుజం తలకిందులై, శిఖరం 1 మీ. దగ్గర పెట్టుకుని వెనక్కి బయలుదేరింది. అక్కడి నుంచి దాని శిఖరం ct − 6 దగ్గర ఉంటూ కుడివైపుకు సాగుతుంది.

0.30 సెకన్ల దగ్గర కొస వైపు తాడంతా సమంగా ఉందని వచ్చింది. మరి తరంగం ఎక్కడికి పోయింది? శక్తి నశించిందా?

కొస నుంచి 6 మీ. దూరంలో 4 సెం.మీ. త్రిభుజాన్ని వదిలిన తాడు గురించి ఈ ప్రశ్న వస్తుంది; c = 20 మీ./సె., μ = 0.05 కి.గ్రా./మీ., T = 20 న్యూటన్లు. శిఖరం కొసను తాకిన క్షణంలో ct = 6 కనుక u = ½ [f(6 + x) − f(6 − x)]. త్రిభుజం 6 కు ఇరువైపులా ఒకేలా ఉంది కాబట్టి ఇది సున్నా. ఫోటో తీస్తే కొస దగ్గర తాడులో అల ఉన్న ఆనవాలే కనిపించదు.

కానీ వేగాన్ని చూడండి. u_t = (c/2) [f′(6 + x) − f′(6 − x)]. 0 నుంచి 1 మీ. వరకు మొదటి వాలు మీటరుకు −4 సెం.మీ., రెండోది +4 సెం.మీ.; కాబట్టి u_t = −80 సెం.మీ./సె. ఆ మీటరు తాడంతా సమంగా ఉంటూనే కిందికి దూసుకుపోతోంది. దాని గతిజశక్తి ½ × 0.05 × 0.8² × 1 = 0.016 జౌళ్లు. నడిచివచ్చిన చిన్న త్రిభుజంలో వాలు వల్ల 0.008 జౌళ్ల స్థితిజశక్తి, కదలిక వల్ల 0.008 జౌళ్ల గతిజశక్తి ఉన్నాయి. మొత్తం అదే 0.016. శక్తి ఎక్కడికీ పోలేదు, ఆ క్షణానికి అంతా కదలికలోకి మారింది.

వసారా స్తంభానికి తాడు కట్టి దీన్ని ఫోనులో స్లో మోషన్‌లో తీసి తరగతికి చూపించాను. అల మాయమై, మరుక్షణం అడుగున తేలడం కళ్లారా చూశాక ఈ ప్రశ్న అడిగేవారు బాగా తగ్గారు.

g ఉన్నప్పుడు సమాకలన హద్దు x − ct నుంచి ct − x ఎలా అయింది? మధ్యలో ముక్క ఏమైంది?

రద్దయింది. x < ct అయితే x − ct నుంచి x + ct వరకు ఉన్న విరామం సున్నాను దాటి రుణ వైపుకు పోతుంది. g ను బేసిగా విస్తరించాం కనుక −(ct − x) నుంచి +(ct − x) వరకు ఉన్న సమాకలనం సున్నా. మిగిలింది ct − x నుంచి ct + x వరకు ఉన్న ముక్క.

ఫలితం కూడా గమనించదగినది. 5 నుంచి 7 మీ. మధ్య ముక్కకు సెకనుకు 1 మీ. వేగం ఇస్తే, కొసలు లేని తాడు 5 సెం.మీ. పైకి జరిగి అక్కడే ఉండిపోయేది. కొస కట్టి ఉంటే, x = 1 మీ. దగ్గర ct విలువ 8 దాటిన తర్వాత ct − x కూడా 7 దాటుతుంది. విరామంలో g ఉన్న భాగమే ఉండదు, u సున్నాకు వచ్చేస్తుంది. స్తంభం తాడును తన చోటికి తెచ్చుకుంది. f ను బేసిగా విస్తరించి g ను మరిచిపోయినవారికి ఇక్కడ 5 సెం.మీ. మిగిలిపోతుంది, అదే గుర్తు.

## మూడో దశ: వదులు కొస

కొస వదులుగా ఉంటే తాడుకు బిగువు ఎలా ఉంటుంది? ఆ షరతు u_x = 0 ఎందుకు?

వదులు కొస అంటే గాలిలో వేలాడే కొస కాదు. తాడు కొసకు ఒక తేలికైన గాజు కట్టి, ఆ గాజును నూనె రాసిన నున్నటి ఇనుప కడ్డీకి తొడిగారనుకోండి. కడ్డీ తాడుకు అడ్డంగా ఉంటుంది. కడ్డీ తాడును బిగువుగా పట్టి ఉంచుతుంది, కానీ గాజు దాని వెంట జారగలదు. గాజు మీద కడ్డీ వెంబడి పనిచేసే బలం T u_x ఒక్కటే. గాజుకు బరువు లేదనుకుంటే, ఆ బలం సున్నా కాకపోతే దాని త్వరణం అనంతం కావాలి. కాబట్టి u_x(0, t) = 0.

ఇప్పుడు F′(−s) = −G′(s), అంటే F(−s) = G(s) + స్థిరరాశి; u అవిచ్ఛిన్నంగా ఉండాలంటే ఆ స్థిరరాశి F(0) − G(0) కావాలి. ఇది f, g లను సరి ప్రమేయాలుగా విస్తరించడంతో సమానం. x < ct అయినప్పుడు

u = ½ [f(x + ct) + f(ct − x)] + (1/2c) [∫₀^(x+ct) g + ∫₀^(ct−x) g].

అల తలకిందులు కాకుండానే వెనక్కి వస్తుంది. 6 మీ. దగ్గర 4 సెం.మీ. త్రిభుజంతో మొదలై, c = 20 మీ./సె. అయితే, నడిచివచ్చే అల ఎత్తు 2 సెం.మీ.; 0.30 సె. దగ్గర గాజు మాత్రం ½ (4 + 4) = 4 సెం.మీ. లేస్తుంది. కొస దగ్గర స్థానం రెట్టింపవుతుంది, వాలు సున్నా అవుతుంది. ఆ క్షణంలో కొస దగ్గరి తాడు వేగం సున్నా. శక్తి అంతా వంపులో ఉంటుంది.

ప్రయోగం చేస్తే గాజు దగ్గర అల సరిగ్గా రాలేదు, వంకరగా వచ్చింది. సూత్రం తప్పా?

సూత్రం తప్పు కాదు, గాజు బరువైనదై ఉంటుంది. గాజు ద్రవ్యరాశి m అయితే అసలు షరతు m u_tt = T u_x. ఇందులో m/(μc) అనే ఒక సమయం దాగి ఉంది. గాజు తాడు మాట వినడానికి పట్టే సమయం అది. μ = 0.05 కి.గ్రా./మీ., c = 20 మీ./సె. అయితే μc = 1 కి.గ్రా./సె. కనుక 10 గ్రాముల గాజుకు అది 0.01 సె., 100 గ్రాముల ఇనుప రింగుకు 0.1 సె. రెండు మీటర్ల పొడవున్న అల కొసను దాటడానికి 0.1 సె. పడుతుంది. 10 గ్రాముల గాజు దాదాపు వదులు కొసలాగే నడుచుకుంటుంది. 100 గ్రాముల రింగు మొదట కట్టిన కొసలా ఎదురు తిరిగి, తర్వాత వదులు కొసలా కదిలి, అల ఆకారాన్నే చెడగొడుతుంది. కడ్డీకి తుప్పు ఉంటే ఘర్షణ కూడా తోడై అల చిన్నదై వస్తుంది.

తాడు కాకుండా u_x = 0 కు మన కళ్లెదుట ఉదాహరణ ఏదైనా ఉందా?

వంశధార కాలువలో షట్టర్లు దించి నీరు నిలిచి ఉన్నప్పుడు చూడవచ్చు. లోతుతో పోలిస్తే బాగా పొడవైన, తక్కువ ఎత్తున్న అలకు నీటిమట్టం ఇదే తరంగ సమీకరణాన్ని పాటిస్తుంది. దాని వేగం గురుత్వ త్వరణాన్ని లోతుతో గుణించి తీసిన వర్గమూలం. రెండున్నర మీటర్ల లోతుకు అది సుమారు 5 మీ./సె. షట్టరు దగ్గర నీరు ముందుకు పోలేదు కనుక అక్కడ నీటి వేగం సున్నా, దాంతో నీటిమట్టం వాలు సున్నా. 10 సెం.మీ. అల వస్తే షట్టరు మీద నీరు 20 సెం.మీ. లేచి, అల నిటారుగానే వెనక్కి మళ్లుతుంది. కదలకుండా బిగించిన షట్టరు కాబట్టి కట్టిన కొసలాంటిదని చాలామంది అనుకుంటారు. షట్టరు ఆపింది నీటి వేగాన్ని, మట్టాన్ని కాదు. ఏ రాశి సున్నా అయిందో చూడకుండా బేసి, సరి అని తేల్చకూడదు.

## నాలుగో దశ: జవాబును సరిచూసుకోవడం

నిజమైన తాడుకు రెండు కొసలుంటాయి. సగం గీత జవాబును ఎంతసేపు నమ్మవచ్చు?

రెండో కొస నుంచి కబురు వచ్చేదాకా. తాడు 12 మీ., అల 5 నుంచి 7 మీ. మధ్య మొదలైంది, c = 20 మీ./సె. అనుకోండి. కుడివైపు అంచు 5 మీటర్లు నడిచి రెండో కొసను తాకి, అక్కడి నుంచి x = 2 మీ. దగ్గరికి రావాలంటే ఇంకో 10 మీటర్లు నడవాలి. మొత్తం 15 మీ., అంటే 0.75 సె. అప్పటిదాకా x = 2 మీ. దగ్గర సగం గీత జవాబు అక్షరాలా సరైనది, ఉజ్జాయింపు కాదు. బొబ్బిలి వీణ తీగ మీద ఆ గడువు కొన్ని మిల్లీసెకన్లే కనుక, అక్కడ రెండు కొసల పరావర్తనాలనూ కలిపే లెక్క వేయాలి.

త్రిభుజానికి మూలల దగ్గర అవకలజమే లేదు. అది సమీకరణానికి సాధన ఎలా అవుతుంది?

రెండుసార్లు అవకలనం చేయగల సాధన కాదు, నిజమే. అయినా F(x − ct) + G(x + ct) రూపంలో ఉన్నదాన్ని విస్తృతార్థంలో సాధనగా అంగీకరిస్తారు. దీనికి ఒక తేలిక పరీక్ష ఉంది: x–t తలంలో భుజాలు x − ct = స్థిరం, x + ct = స్థిరం అనే రేఖల మీద ఉన్న ఏ సమాంతర చతుర్భుజాన్ని తీసుకున్నా, ఎదురెదురు శీర్షాల దగ్గర u విలువల మొత్తాలు రెండూ సమానం కావాలి. ఇందులో అవకలజం ప్రసక్తే లేదు, త్రిభుజాకారపు అల దీన్ని పాటిస్తుంది. దలాంబేర్, ఆయిలర్ 18వ శతాబ్దంలో వాదించుకున్నది ఈ విషయం మీదే: మూలలున్న ఆకారాన్ని తొలి స్థితిగా ఒప్పుకోవచ్చా అన్నది. ఆయిలర్ ఒప్పుకోవచ్చన్నాడు, దలాంబేర్ కాదన్నాడు.

f, g రెండూ నునుపుగానే ఉన్నా x = ct రేఖ మీద ఏదో విరుపు వస్తోంది. ఎక్కడ తప్పు చేశాను?

బహుశా మీరు తప్పు చేయలేదు. ఇచ్చిన షరతులే x = 0, t = 0 అనే మూల దగ్గర ఒకదానితో ఒకటి పొసగలేదు. కట్టిన కొసకు f(0) = 0, g(0) = 0, f″(0) = 0 మూడూ ఉండాలి. మొదటిది లేకపోతే u లోనే తెంపు వస్తుంది, రెండోది లేకపోతే వాలులో, మూడోది లేకపోతే రెండో అవకలజంలో వస్తుంది. f = x², g = 0 తీసుకుంటే f″(0) = 2. x > ct వైపు u = x² + c²t² కనుక u_xx = 2; x < ct వైపు u = 2cxt కనుక u_xx = 0. u, u_x, u_t మాత్రం x = ct దగ్గర చక్కగా కలుస్తాయి. మూల దగ్గరి ఈ వైరుధ్యం c వేగంతో తాడు వెంట నడుస్తుంది, దారిలో మాసిపోదు. వదులు కొసకైతే f′(0) = 0, g′(0) = 0 చూసుకోవాలి.

కొసను కట్టకుండా మనమే చేత్తో ఊపితే ఏమవుతుంది?

u(0, t) = h(t) అయి, తాడు మొదట నిశ్చలంగా ఉంటే, ఎడమవైపుకు నడిచే భాగం లేదు; F(−ct) = h(t) అన్నదే మిగులుతుంది. కాబట్టి x < ct అయితే u = h(t − x/c), x > ct అయితే u = 0. చెయ్యి చేసిన ప్రతి కదలికా x దగ్గరికి x/c సెకన్లు ఆలస్యంగా, అదే ఎత్తుతో చేరుతుంది. c = 20 మీ./సె. అయితే 6 మీటర్ల దూరంలో ఉన్నవారికి 0.3 సె. తర్వాత అందుతుంది. ఇందులో ఎక్కువగా జరిగే పొరపాటు h(t − x/c) కు బదులు h(x − ct) అని రాయడం. h లోపల ఉండాల్సింది సమయం, మీటర్లు కాదు. తాడు మొదటే కదులుతూ ఉంటే, కట్టిన కొసకు వచ్చే సాధనను దీనికి కలిపితే సరిపోతుంది, ఎందుకంటే సమీకరణం రేఖీయం.